నలభై మూడో చీటీ

పెద్దసారు సంతకం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మొదటి అక్షరం గొడుగులా విప్పారుతుంది, చివరి గీత కాగితం అంచుదాకా సాగిపోయి అక్కడ ఆగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం, అందులో ఎనిమిదేళ్ళ హెడ్మాస్టరు పదవి. ఈ ఎనిమిదేళ్ళలో ఆ సంతకం పడకుండా బడి గడప దాటిన కాగితం లేదు. కాకపోతే సంతకానికి పైన ఏం రాసుందో చదివే అలవాటు ఆయనకు ఎప్పుడో తప్పిపోయింది. ఇది నేను నింద వేస్తున్నట్టు కాదు. రోజుకు అరవై కాగితాలు బల్ల మీదికి వచ్చే మనిషి అన్నీ చదువుతూ కూర్చుంటే ఇంక బడి నడిచినట్టే.

ఆయన పిల్లలకు చెప్పింది సాంఘిక శాస్త్రం. రాజులు, నదులు, పంటలు ఏవి అడిగినా నిద్రలో లేపినా చెప్పగలడు. లెక్కలంటే మాత్రం హడలు. ఏడో తరగతిలో ఒక లెక్క తప్పు చేసినందుకు వాళ్ళ మాస్టారు ఆయన్ను బల్ల ఎక్కించి పీరియడంతా నిలబెట్టాడు. ఆ రోజునుంచీ లెక్కలు చెప్పే గది అంటే ఆయనకు పడదు. హెడ్మాస్టరయ్యాక మిగతా తరగతుల్లోకి ఎప్పుడైనా తొంగి చూసేవాడు గానీ, లెక్కల పీరియడు జరుగుతుంటే ఏదో పనున్నవాడిలా గుమ్మం దాటి వెళ్ళిపోయేవాడు. ఏడాదికి రెండుసార్లు నింపాల్సిన పరిశీలన రిజిస్టరులో లెక్కల టీచరు పేరు ఎదురుగా 'బోధన సంతృప్తికరం' అని రాసేవాడు. అందరికీ అదే రాసేవాడనుకోండి.

ఆ లెక్కల టీచరు ఇరవై ఆరేళ్ళ పిల్ల. బడిలో చేరి మూడేళ్ళు. స్టాఫ్‌రూములో అందరికంటే వయసులో చిన్నది కాబట్టి చిన్న టీచరు అన్న పేరు స్థిరపడిపోయింది. ఒక సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక ఆమె హెడ్మాస్టరు గదికి వచ్చింది.

"సార్, మూడు వారాల కిందట ఒకసారి చెప్పాను. ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్‌కి మళ్ళీ అప్లై చేస్తున్నాను. మీ సిఫారసు ఉత్తరం కావాలి."

"దానికేం భాగ్యమమ్మా. నువ్వే రాసి పట్రా, సంతకం పెట్టేస్తాను."

ఆ బడిలో పద్ధతి అంతే. ఎవరి ఉత్తరం వాళ్ళే రాసుకోవడం, పెద్దసారు సంతకం పెట్టడం. రాసుకోవడం చేతకానివాళ్ళకు గుమస్తా దగ్గర ఒక పాత ఉత్తరం ఉంది, పేరు మార్చి ఇచ్చేస్తాడు.

"నేను రాయకూడదు సార్. చదవకూడదు కూడా. ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నానని దరఖాస్తులోనే ఒప్పుకున్నాను. యూనివర్సిటీవాళ్ళు మీ మెయిల్‌కి లింకు పంపారు. మీరే రాసి, మీరే ఎక్కించాలి. శుక్రవారం సాయంత్రం అయిదు దాకానే తీసుకుంటారు."

"మళ్ళీ అంటున్నావు. పోయినసారి కూడా నేనే ఇచ్చానా?"

"ఇచ్చారు సార్," అంది చిన్న టీచరు. నమస్కారం పెట్టి క్లాసుకి వెళ్ళిపోయింది.

పెద్దసారు గుమస్తాను పిలిచాడు. గుమస్తా ఆయనకంటే రెండేళ్ళు పెద్ద, ఆ బడిలో ఆయనకంటే పదేళ్ళు పాత. "పోయినేడు చిన్న టీచరుకి ఇచ్చిన ఉత్తరం తీయండి. తేదీ మార్చి పంపించేద్దాం," అన్నాడు. గుమస్తా కంప్యూటరు ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కదపలేదు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఏమైంది?"

"పోయినేడు సైన్సు సారు, చిన్న టీచరు ఇద్దరూ ఆ యూనివర్సిటీకే పెట్టారు సార్. ఇద్దరికీ మన పాత ఉత్తరమే ఇమ్మన్నారు మీరు. ఇచ్చాను. పేరొక్కటే తేడా."

"అయితే?"

"సైన్సు సారుని ఇంటర్వ్యూకి పిలిచారు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి, మీ బడిలో మాస్టార్లందరినీ ఒకే అచ్చులో పోస్తారా అని అడిగారట. ఆయన నీళ్ళు నమిలి వచ్చేశాడు. చిన్న టీచరుని అసలు పిలవనే లేదు."

"ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసా?"

"సైన్సు సారు బదిలీ మీద వెళ్తూ స్టాఫ్‌రూములో అందరి ముందూ చెప్పాడు. ఆవిడ అక్కడే ఉంది."

"మరి నాతో ఎవరూ అనలేదేం?"

"మీతో ఎవరంటారు సార్," అన్నాడు గుమస్తా. చెప్పాల్సింది ఎలాగూ మొదలుపెట్టాను కదా అన్నట్టు మిగతాదీ చెప్పేశాడు. "వాళ్ళు రెండుసార్లకి మించి దరఖాస్తు తీసుకోరు. ఇప్పుడు పనిచేస్తున్న బడి హెడ్మాస్టరు ఉత్తరం లేకపోతే ఆ దరఖాస్తు చూడను కూడా చూడరు. ఆవిడకి ఇదే ఆఖరిసారి."

పెద్దసారు ఆ పాత ఉత్తరాన్ని తెర మీద మొదటిసారి చదివాడు. వీరు కష్టపడే స్వభావం గలవారు. సమయపాలన పాటించువారు. సత్ప్రవర్తన గలవారు. వీరి భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను. నాలుగే వాక్యాలు. నాలుగేళ్ళ కిందట రాత్రి కాపలాదారు వేరేచోట పనికి వెళ్తానంటే ఇచ్చింది కూడా ఇదేనని ఆయనకు గుర్తొచ్చింది. ఆ ఉత్తరం కింద గొడుగులా విప్పారిన తన సంతకాన్ని చూడలేక తెర ఆపేయించాడు.

లింకు తెరిస్తే ఇంకో చిక్కు. దరఖాస్తుదారు మీకు ఎంతకాలంగా, ఏ హోదాలో తెలుసు అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబుంది. ఆ తర్వాత ఒక పట్టిక. ఇప్పటిదాకా మీకు తెలిసిన ఉపాధ్యాయులందరిలో బోధనలో, పరిశోధనలో ఈమె ఏ స్థాయిలో ఉంటారు, మొదటి అయిదు శాతమా, పది శాతమా, పాతికా, సగమా, లేక అంచనా వేసేందుకు ఆధారం లేదా? దానికీ ఏదో ఒకటి గీకవచ్చు. ఉత్తరం గురించిన సూచనల దగ్గరకొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. 'ఈమె పాఠం చెబుతుండగా మీరు స్వయంగా చూసిన ఒక సందర్భాన్ని వివరించండి.'

మూడేళ్ళలో ఒక్క సందర్భమూ లేదు. మంగళవారం కూర్చున్నాడు, 'చిన్న టీచరు' అని రాసి కొట్టేశాడు. బుధవారం కూర్చున్నాడు, 'పిల్లలకు ఈమె అంటే ఇష్టం' అని రాసి, ఇష్టమో కాదో తనకు తెలియదు కదా అని అదీ కొట్టేశాడు. గురువారం పొద్దున కాఫీ తాగుతూ భార్యను అడిగాడు.

"నా గురించి నువ్వొక ఉత్తరం రాయాల్సొస్తే ఏం రాస్తావు?"

"ఏముంది రాయడానికి. వీరు ఇరవై తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు, సమయపాలన గలవారు, సత్ప్రవర్తన గలవారు అని రాస్తాను."

"అంతేనా?"

"ఎప్పుడైనా వంటింట్లోకొచ్చి కూర్చున్నారా మీరు? కూర్చుంటే కదా ఇంకోటి తెలిసేది," అని ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దసారుకు ఆ మాట సూటిగా తగిలింది. బడికి వెళ్ళగానే టైంటేబులు చూశాడు. మూడో పీరియడు, ఏడో తరగతి, లెక్కలు.

గంట కొట్టాక ఆయన ఆ గుమ్మంలో నిలబడితే నలభై రెండు మంది పిల్లలు బెంచీలు కదిలేలా లేచి నిలబడ్డారు. "నేను వెనక కూర్చుంటానమ్మా. నేను లేననుకో," అన్నాడు. అరచేతులు చెమట పట్టాయి. యాభై ఏడేళ్ళ మనిషికి, అదీ బడికి పెద్దకు, ఏడో తరగతి గదిలో చెమటలేమిటని ఆయనకే సిగ్గేసింది. చివరి బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాడు.

చిన్న టీచరు బోర్డు మీద ఒక చదరం గీసింది. "దీని నాలుగు భుజాలూ సమానం. ఒక్కో భుజాన్నీ రెట్టింపు చేసి ఇంకో చదరం గీశామనుకోండి. కొత్తది పాతదానికంటే ఎన్ని రెట్లు చోటు తీసుకుంటుంది? చీటీ మీద ఒక్క అంకె రాయండి. పేరు వద్దు. పక్కవాడి చీటీ చూడొద్దు, వాడికీ తెలియదు."

పిల్లలు నవ్వారు. ఒక పాత బిస్కెట్ల డబ్బా బెంచీ బెంచీకి చేతులు మారుతూ వచ్చింది. చివరికి పెద్దసారు ముందు ఆగింది, దాంతోపాటు ఒక ఖాళీ చీటీ. చిన్న టీచరు ఆయన వైపు చూడలేదు, వద్దనీ అనలేదు. డబ్బాను అలాగే పక్కకు తోసేస్తే అయిపోయేది. ఎందుకో మనసొప్పలేదు. రెట్టింపు అంది కాబట్టి రెండు అనుకుని, 2 అని రాసి డబ్బాలో వేశాడు.

ఆమె చీటీలు ఒక్కొక్కటే విప్పి బోర్డు మీద గీతలు పెట్టింది. రెండు అన్నవి ముప్పై ఒకటి. నాలుగు అన్నవి ఎనిమిది. మూడు అన్నవి మూడు. ఒక చీటీ మీద 'తెలియదు' అని ఉంది.

"మొత్తం నలభై మూడు," అంది.

"మనం నలభై రెండు మందిమే కదా టీచర్," అన్నాడు ముందు బెంచీ పిల్లాడు.

"నేను తప్ప గదిలో ఉన్నవాళ్ళందరూ రాశారు. అంతే," అంది ఆమె. నలభై రెండు తలలు గిరుక్కున వెనక్కి తిరిగాయి. పెద్దసారు చెవులు వేడెక్కాయి. ఆమె అప్పటికే తర్వాతి మాటలోకి వెళ్ళిపోయింది.

"ముప్పై ఒక్కమంది ఒకే దారిన వెళ్ళారంటే ఆ దారిలో ఏదో ఉండాలి. రెండు అని ఎందుకు అనిపిస్తుంది? మీరు రాసినా రాయకపోయినా సరే, చెప్పండి."

కిటికీ పక్క పిల్ల లేచింది. "తాడు రెట్టింపు చేస్తే రెండింతలే అవుతుంది కదా టీచర్. ఇదీ అంతే అనుకుంటాం."

"తాడు. మంచి మాట చెప్పావు. తాడు విషయంలో రెండే నిజం," అని ఆమె బోర్డు మీద 'తాడు' అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. "మరి చదరం తాడులాంటిదేనా? నేల మీద చూద్దాం."

నేల మీద చూడటమంటే నిజంగా నేల మీదే. ఆ గది నేలంతా చదరపు పలకలు పరిచి ఉన్నాయి. నలుగురు పిల్లలు ముందుకు వెళ్ళి సుద్దముక్కతో ఒక పలక చుట్టూ గీత గీశారు. 'ఇప్పుడు రెట్టింపు చెయ్యండి' అంటే పక్క పలకను కూడా కలిపారు. "ఇది చదరమేనా?" అని అడిగింది ఆమె. పిల్లలు తల వంచి చూశారు. "కాదు టీచర్, బల్లలాగ పొడుగైపోయింది," అంది ఒక పిల్ల. "మరేం చేద్దాం?" ఆ పిల్ల కాసేపు గోళ్ళు కొరికి, పైనున్న రెండు పలకలను కూడా కలుపుతూ గీసింది. తర్వాత ఎవరో మెల్లిగా "నాలుగు" అన్నారు. ఆ మాట ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. నాలుగు, నాలుగు, నాలుగు. జవాబు నాలుగని ఆమె మాత్రం అప్పటిదాకా చెప్పలేదు.

"భుజం మూడింతలు చేస్తే?" అన్నాడొకడు.

"నువ్వే చూడు."

వాడు మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాడు. వెనక బెంచీలో పెద్దసారు మెడ చాచి వాడికంటే ముందే లెక్కపెట్టాడు. తొమ్మిది. ఎవరూ చెప్పకుండా, పుస్తకం చూడకుండా, తొమ్మిది. ఆయనకు ఒళ్ళు ఝల్లుమంది. ఎనిమిదేళ్ళుగా తను తొక్కుతూ తిరుగుతున్న నేలలో ఈ సంగతి ఉంది. ఎవరూ ఇటు చూడమనలేదు. పన్నెండేళ్ళ వయసులో తనను బల్ల ఎక్కించిన మాస్టారు, రెండు అని ఎందుకు అనుకున్నావురా అని ఒక్కమాట అడిగి ఉంటే ఏమయ్యేదో? ఆ రోజు తప్పింది ఈ లెక్కే కాకపోవచ్చు, ఇలాంటిదే ఏదో. అడగాలన్న సంగతి ఒకటుంటుందని కూడా ఆయనకు ఈ పూటదాకా తెలియదు. ఈ అమ్మాయి రోజూ, నాలుగు గోడల మధ్య, ఎవరూ చూడకుండా అదే పని చేస్తోంది.

గంట కొట్టింది. పిల్లలు బయటికి వెళ్ళాక చిన్న టీచరు బల్ల ముందు కూర్చుని ఒక లావుపాటి నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

"ఏమిటమ్మా అది?"

ఆమె తడబడింది. "తప్పుల పుస్తకం సార్. ఏ రోజు ఏ ప్రశ్న అడిగాను, ఏ తప్పు వచ్చింది, అది వాళ్ళకి ఎందుకు నిజమనిపించింది అని రాసుకుంటాను. మూడేళ్ళవి మూడున్నాయి."

"తప్పులు రాసుకోవడం ఎందుకు?"

"ఏమీ ఆలోచించని పిల్లాడు తప్పు కూడా చెయ్యడు సార్, ఖాళీ కాగితం ఇస్తాడు. తప్పు వచ్చిందంటే లోపల ఏదో ఆలోచన ఉన్నట్టే. అది దొరికితే నా పని సగం అయిపోతుంది. కాకపోతే చాలాసార్లు దొరకదు. పిల్లలు ఎందుకలా ఆలోచిస్తారో నాకు సరిగ్గా తెలియట్లేదు. అది నేర్చుకుందామనే ఈ చదువు."

పోయినేడు జరిగినదానికి క్షమించమని అడగాలనుకున్నాడు పెద్దసారు. కానీ ఊరికే తలూపి లేచాడు. నేల మీద పిల్లలు గీసిన సుద్దగీతలు ఇంకా ఉన్నాయి. ఆయన గోడవారగా చుట్టూ తిరిగి గుమ్మం చేరుకున్నాడు.

శుక్రవారం పొద్దున తన గది తలుపు వేయించి, ఉత్తరం ముందు చేత్తో రాశాడు. చీటీలు, తాడు, నేల మీది పలకలు, మూడు తప్పుల పుస్తకాలు, అన్నీ జరిగింది జరిగినట్టే రాశాడు. ఆ తర్వాత రెండు వేళ్ళతో కంప్యూటరులో టైపు చేశాడు. గుమస్తా ఒక వాక్యం దగ్గర ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంటి సార్, సిలబస్‌లో ఈమె రెండు పాఠాలు వెనకబడి ఉంటారని రాశారు? ఇలాంటివి ఎవరైనా రాస్తారా?"

"నిజమేగా. ఎందుకు వెనకబడుతుందో కూడా కింద రాశాను, చూడండి. ఇది లేకపోతే మిగతాది నమ్మరు."

"మరి ఇది? పోయిన సంవత్సరం ఈమెకు నేనిచ్చిన ఉత్తరం ఈమెను చూడకుండా రాసినది, ఇద్దరికి ఒకే ఉత్తరం వెళ్ళడం పూర్తిగా నా తప్పు అని. మీరెవరికో సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంది."

"ఇచ్చుకోవాలి కదా మరి."

పట్టికలో తరగతి బోధన ఎదురుగా మొదటి అయిదు శాతం దగ్గర గుర్తు పెట్టాడు. పరిశోధన సామర్థ్యం ఎదురుగా అంచనాకు ఆధారం లేదని పెట్టాడు. ఆ తప్పుల పుస్తకాలే పరిశోధన అని ఆయనకు లోపల గట్టిగా అనిపించింది గానీ, అది తేల్చాల్సింది తెలిసినవాళ్ళు. పుస్తకాలు చూడండి అని ఉత్తరంలో రాసి ఊరుకున్నాడు. చివరికి, ఎంతకాలంగా, ఏ హోదాలో తెలుసు అన్న మొదటి ప్రశ్నకు తిరిగొచ్చాడు. 'ప్రధానోపాధ్యాయుడిగా మూడేళ్ళు' అని ముందే రాసి పెట్టాడు. దాని పక్కన ఇంకో ముక్క చేర్చాడు. 'విద్యార్థిగా నలభై నిమిషాలు.'

బడి పేరున్న కాగితం మీద అచ్చు తీసిన ఉత్తరాన్ని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టాడు. గుమస్తా స్కాన్ చేశాడు. నాలుగూ ఇరవైకి 'మీ ఉత్తరం అందింది' అని తెర మీద వచ్చింది. కారిడారు అవతల ఎనిమిదో తరగతి గదిలోంచి బిస్కెట్ల డబ్బా మూత చప్పుడు వినిపిస్తోంది.

ఆరు వారాలకు చిన్న టీచరు మళ్ళీ ఆయన గదికి వచ్చింది. సీటు వచ్చిందట.

"ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే నేల పలకల గురించి సార్. పుస్తకాలు తెచ్చారా అని కూడా అడిగారు. నలభై నిమిషాలు వాటి గురించే మాట్లాడుకున్నాం."

"అలాగా," అన్నాడు పెద్దసారు. ఉత్తరంలో ఏం రాశారని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

వెళ్ళిపోయే రోజున మూడు పుస్తకాలూ ఆయన బల్ల మీద పెట్టింది. "నాక్కావలసినవి కాపీ తీసుకున్నాను సార్. నా చోట వచ్చే టీచరుకి ఇవ్వండి. ఒకటో రెండో పనికొస్తాయి."

ఆమె గేటు దాటేదాకా కిటికీలోంచి చూసి, ఆయన మూడో పుస్తకం తెరిచాడు. ఆ గురువారం పేజీ వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె తన ఉత్తరం చదివే హక్కు వదులుకుంది, నేనిది చదవవచ్చా అని ఒక్క క్షణం ఆలోచన వచ్చింది. కళ్ళు అప్పటికే అక్షరాల మీద పడ్డాయి.

'ఏడో తరగతి. చదరం, భుజం రెట్టింపు. రెండు అన్నవాళ్ళు ముప్పై ఒక్కరు. కారణం తాడు. రేపు మళ్ళీ తాడుతోనే మొదలుపెట్టాలి. ఆ ముప్పై ఒకటిలో ఒక చీటీ వెనక బెంచీది. ఆ రెండు అంకె రాసే తీరు నాకు తెలుసు, సెలవు చీటీల మీద తేదీల్లో చూస్తూనే ఉంటాను. డబ్బా పక్కకు తోసెయ్యచ్చు, తోయలేదు. పిల్లలతోపాటు రాశారు, తప్పు రాశారు, తొమ్మిది పలకలు వాళ్ళకంటే ముందు లెక్కపెట్టారు. గంట కొట్టాక పిల్లలు గీసిన గీతలు తొక్కకుండా గోడవారగా బయటికి వెళ్ళారు. మూడేళ్ళుగా ఎలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నానో నాకు ఈ రోజే తెలిసింది.'

పెద్దసారు ఆ పేజీని మొదటినుంచి చివరిదాకా చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. దాని కింద సంతకం లేదు.